యంత్రం రాసిన వివరణను మీ దుకాణం మాటగా మార్చడం ఎలా?

ఒక చిన్న బొమ్మల దుకాణంలో ఏటికొప్పాక లక్కపిడతలు అమ్మకానికి ఉన్నాయనుకుందాం. వాటి కోసం కృత్రిమ మేధ చేత రాయించిన వివరణ సాధారణంగా ఇలా ఉంటుంది:

“చేతితో తయారు చేయబడిన మా అద్భుతమైన చెక్క వంట సామాను సెట్‌తో మీ చిన్నారి యొక్క ఊహాశక్తికి రెక్కలు తొడగండి. నాణ్యమైన టేకుతో, ప్రేమతో రూపొందించబడిన ఈ సెట్ నూటికి నూరు శాతం సురక్షితం. సులభంగా కడగవచ్చు. ప్రతి ఇంటికీ ఇది సరైన ఎంపిక.”

ఇది చదివినవారికి ఎన్ని బొమ్మలు వస్తాయో, ఎంత పెద్దవో తెలియదు. పైగా ఇందులో నిజం కాని మాటలున్నాయి. దిద్దడం అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

1. ముందు అబద్ధాలు తీసేయండి

ఏటికొప్పాక బొమ్మలను టేకుతో చేయరు, మెత్తటి అంకుడు కర్రతో చేస్తారు. మనం “చెక్క బొమ్మలు” అని మాత్రమే చెప్పి వదిలేస్తే, చెక్క పక్కన తరచుగా కనిపించే మాటను యంత్రం తెచ్చి పెడుతుంది. కాబట్టి ముడిసరుకు, ఊరు, కొలత, వాడకం గురించి అది చెప్పిన ప్రతి మాట కిందా గీత గీసి, చేసినవారిని అడిగి నిర్ధారించుకోండి.

“సులభంగా కడగవచ్చు” అన్నది మరింత ప్రమాదం. లేత్ మీద గిరగిరా తిరిగే కర్రకు రంగు లక్కను నొక్కి పట్టుకుంటే, రాపిడి వేడికి లక్క కరిగి అంటుకుంటుంది. వేడికి కరిగే పూత వేడినీళ్లకు నిలవదు. నీళ్లలో నానితే లోపలి కర్ర ఉబ్బి పూత పగులుతుంది. ఆ మాట నమ్మి కడిగినవారు బొమ్మలు వాపసు తెస్తారు. “నూటికి నూరు శాతం సురక్షితం” అన్న మాటకు మీ చేతిలో పరీక్ష పత్రం లేకపోతే దాన్నీ కొట్టేయండి.

2. ప్రెషర్ కుక్కర్ పరీక్ష పెట్టండి

మిగిలిన వాక్యాల్లో బొమ్మల బదులు ప్రెషర్ కుక్కర్ అని పెట్టి చదవండి. “ప్రతి ఇంటికీ సరైన ఎంపిక” కుక్కర్‌కూ అతుకుతుంది. “అద్భుతమైన” కూడా అంతే. వేరే సరుకుకు అతికే మాట మీ సరుకు గురించి ఏమీ చెప్పనట్టే. పై వివరణలో ఈ పరీక్ష తర్వాత దాదాపు ఏమీ మిగలదు. అందుకు బాధపడకండి.

3. బొమ్మలను బల్ల మీద పరిచి కూర్చోండి

ఇక్కడ తొందరపడవద్దు. బొమ్మలు లెక్కపెట్టండి, స్కేలు పెట్టి కొలవండి, ఒక్కొక్కదాని పేరు రాయండి. “వంట సామాను” అనకండి. బిందె, చెంబు, రోలు, తిరగలి అనండి. మనకు కావలసిన ఆప్యాయత ఆ పేర్లలోనే ఉంది, “ప్రేమతో” అన్న మాటలో లేదు. ఈ ఆటకు మన భాషలో గుజ్జనగూళ్లు అనే చక్కటి మాట ఉంది. అమ్మమ్మలు ఆ మాట చూసి ఆగుతారు.

రంగుల గురించి చేసినవారినే అడగండి. ఏటికొప్పాకలో పసుపు, నీలిమందు వంటి సహజ రంగులు వాడతారు, కానీ మీకు వచ్చిన సరుకులో ఏం వాడారో తెలుసుకున్నాకే రాయండి. లోపాలు కూడా గమనించండి. రెండు చెంబుల ఎరుపు ఒకేలా లేకపోతే ముందే చెప్పేయండి. చెప్పకపోతే అది ఫిర్యాదుగా తిరిగి వస్తుంది.

4. గల్లా దగ్గర చెప్పినట్టు రాయండి

ఎదురుగా నిలబడినవారితో “రూపొందించబడిన” అని ఎవరూ అనరు, “చేసిన” అంటారు. “చిన్నారి యొక్క” అనరు. “బడిన”, “యొక్క” కనిపించిన చోటల్లా వాక్యాన్ని విప్పి మళ్లీ చెప్పండి. కొనేవారు అడిగే వరుసలోనే రాయండి: ఏమిటివి, ఎన్ని, ఎంత పెద్దవి, ఎలా చేశారు, ఎలా చూసుకోవాలి.

మన బల్ల మీది బొమ్మలకు అది ఇలా వస్తుంది:

“గుజ్జనగూళ్లు ఆడుకోవడానికి ఏటికొప్పాక లక్కపిడతలు. బిందె, చెంబు, రోలు, తిరగలి, పొయ్యితో కలిపి మొత్తం 12. అన్నిటికంటే పెద్దదైన బిందె ఎత్తు 5 సెం.మీ.; పిల్లల గుప్పిట్లో ఇముడుతుంది. అంకుడు కర్రను లేత్ మీద చెక్కి, అది తిరుగుతుండగానే రంగు లక్క అద్దారు. ఈ పసుపు రంగు పసుపు కొమ్ములదే. చేత్తో చేసినవి కనుక ఒక్కో దాని రంగులో కొద్దిగా తేడా ఉంటుంది. పొడి గుడ్డతో తుడవండి. నీళ్లలో నానబెట్టకండి, ఎండలో వదిలేస్తే రంగు వెలుస్తుంది. చిన్న ముక్కలున్నాయి, మూడేళ్లలోపు పిల్లల చేతికి ఇవ్వకండి.”

5. పైకి చదివి, ఫొటో పక్కన పెట్టి చూడండి

చదువుతుంటే నాలుక తడబడిన చోట వాక్యాన్ని రెండుగా విరవండి. ఫొటోలో పది బొమ్మలే కనిపిస్తూ వివరణలో 12 అని ఉంటే ఫొటో మళ్లీ తీయండి. కొత్త సరుకు వచ్చినప్పుడు పాత వివరణనే ఉంచేయకుండా ఆ బిందెను మళ్లీ కొలవండి. ఈసారి అది నాలుగున్నర సెంటీమీటర్లే ఉండవచ్చు.