అకౌంట్ బ్లాక్ అయితే గ్రీవెన్స్ ఆఫీసర్ నుంచి అప్పీలేట్ కమిటీ దాకా: దరఖాస్తు విధానం

సోషల్ మీడియా అకౌంట్ ఉన్నట్టుండి బ్లాక్ అయితే చాలామంది చేసే పని ఒకటే, యాప్‌లో కనిపించే 'అప్పీల్' బటన్ నొక్కి ఎదురుచూడటం. రెండు రోజులకు 'మీ అభ్యర్థనను పరిశీలించాం, నిర్ణయంలో మార్పు లేదు, ఇదే తుది నిర్ణయం' అని ఒక మెసేజ్ వస్తుంది, ఇక చేసేదేమీ లేదనుకుని వదిలేస్తారు. అది తుది నిర్ణయం కంపెనీ లోపలి పద్ధతి ప్రకారమే. 2021 ఫిబ్రవరిలో కేంద్రం తెచ్చిన ఐటీ నిబంధనల ప్రకారం చూస్తే మీరింకా మొదటి మెట్టు కూడా ఎక్కలేదు.

ఆ మొదటి మెట్టు గ్రీవెన్స్ ఆఫీసర్, అంటే యూజర్ల ఫిర్యాదులు చూడటానికి కంపెనీయే నియమించే అధికారి. ఆయన పేరు, ఆయనను సంప్రదించే వివరాలు కంపెనీ తన వెబ్‌సైట్లోనో యాప్‌లోనో అందరికీ కనిపించేలా పెట్టాలి. పెడతారు కూడా, కాకపోతే హెల్ప్ పేజీల అట్టడుగున, ఇండియాకు సంబంధించిన నోటీసుల మధ్య ఎక్కడో. ఓపిగ్గా వెతకాలి. అక్కడ ఇచ్చిన ఫారం ద్వారా గానీ ఈమెయిల్ ద్వారా గానీ పంపిందే నిబంధనల లెక్కలో ఫిర్యాదు. యాప్‌లో నొక్కిన 'రిపోర్ట్', 'అప్పీల్' బటన్లను ఆ లెక్కలో వేసుకుని నేరుగా పైమెట్టైన అప్పీలేట్ కమిటీకి వెళితే, ముందు గ్రీవెన్స్ ఆఫీసర్ దగ్గరికి వెళ్లలేదు కదా అనే మాట దగ్గరే ఆగిపోతుంది.

ఫిర్యాదు అందాక జరగాల్సినవి రెండు, వాటిని కలిపేసి చూడకూడదు. అందినట్టు 24 గంటల్లో తెలియజేయాలి, ఇది కేవలం రసీదు. పరిష్కారానికి గడువు వేరు: 2021లో 15 రోజులు పెట్టారు, 2026 ఫిబ్రవరి సవరణలో దాన్ని 7 రోజులకు తగ్గించారు. కంపెనీ పాలసీ పేజీల్లో కొన్నిసార్లు పాత గడువే కనిపిస్తుంది కాబట్టి నిబంధనల తాజా పాఠాన్నే పట్టుకోండి. మీ ఫొటోలు మార్ఫ్ చేసి పెట్టారనో, మీ పేరుతో నకిలీ అకౌంట్ నడుస్తోందనో ఫిర్యాదు చేస్తే గడువు రోజుల్లో ఉండదు, గంటల్లోనే ఉంటుంది. అందుకే అలాంటి ఫిర్యాదులో ఆ విషయం మొదటి వాక్యంలోనే ఉండాలి, మూడో పేరాలో దాక్కోకూడదు.

50 లక్షలకు పైగా నమోదైన యూజర్లున్న పెద్ద వేదికలకు మరికొన్ని బాధ్యతలున్నాయి. గ్రీవెన్స్ ఆఫీసర్ ఇండియాలోనే ఉండే వ్యక్తి అయి ఉండాలి, ప్రతి ఫిర్యాదుకూ ఒక టికెట్ నంబర్ ఇవ్వాలి, తీసుకున్న చర్యకైనా తీసుకోకపోవడానికైనా వీలైనంతవరకు కారణం చెప్పాలి. ఈ చివరిది మనకు బాగా పనికొస్తుంది. 'కమ్యూనిటీ ప్రమాణాలకు విరుద్ధం' అని ఒక్క ముక్కలో తేల్చేస్తే, ఏ పోస్టు, ఏ ప్రమాణం అని అడిగే ఆధారం మీకు అక్కడే ఉంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. పెళ్లిళ్ల ఫొటోలు తీసే ఒకావిడ పేజీ జూన్ 3న బ్లాక్ అయింది, వేరొకరిలా నటిస్తున్నారన్నది ఆరోపణ. అదే రోజు యాప్‌లో అప్పీల్ చేస్తే 5న తిరస్కరించారు. ఆమె 8న గ్రీవెన్స్ ఆఫీసర్‌కు రాసింది. మొదటి డ్రాఫ్టులో 'నా పొట్ట కొట్టారు, ఏళ్ల కష్టమంతా పోయింది' అని రెండు పేజీలుంది. బాధ నిజమే, కానీ చదివేవాళ్లకు తేల్చడానికి అందులో ఏమీ దొరకదు. మార్చి రాసిన ఫిర్యాదు ఇలా ఉంది:

'నా పేజీని జూన్ 3న బ్లాక్ చేశారు. వేరొకరిలా నటించడం కారణంగా చూపారు. పేజీ పేరు, నా వ్యాపార రిజిస్ట్రేషన్‌లో ఉన్న పేరు ఒకటే, కాపీ జతచేశాను. ఏ పోస్టు వల్ల ఈ చర్య తీసుకున్నారో తెలపలేదు, దయచేసి తెలపండి. పేజీని పునరుద్ధరించమని కోరుతున్నాను.'

ఏం జరిగింది, వాళ్లు చెప్పిన కారణమేంటి, అది ఎందుకు తప్పు, నాకేం కావాలి, ఇంతే. దీనికి పేజీ లింకు, బ్లాక్ చేసినట్టు వచ్చిన మెసేజ్ స్క్రీన్‌షాట్ తోడు చేసింది. స్క్రీన్‌షాట్‌లో తేదీ కనిపించాలి. కత్తిరించి పంపితే చాలాసార్లు పోయేది ఆ తేదీయే.

8నే రసీదు, టికెట్ నంబర్ వచ్చాయి. 14న జవాబొచ్చింది, నిర్ణయంలో మార్పు లేదని. ఇప్పుడు రెండో మెట్టు, గ్రీవెన్స్ అప్పీలేట్ కమిటీ. 2022 అక్టోబర్ సవరణతో దీనికి దారి ఏర్పడింది, 2023 జనవరిలో మూడు కమిటీలు వేశారు. ఒక్కో కమిటీలో ఛైర్‌పర్సన్, ఇద్దరు సభ్యులు ఉంటారు, నియమించేది కేంద్ర ప్రభుత్వం. ప్రభుత్వమే వేస్తే కంపెనీల మీద మరీ ఎక్కువ పట్టు దొరకదా అని అప్పట్లో గట్టి విమర్శే వచ్చింది, అందులో అర్థం లేకపోలేదు. కానీ పేజీ పోగొట్టుకున్న మనిషికి కోర్టు మెట్లెక్కే ముందు ఉన్న దారి ఇదే.

అప్పీలుకు గడువు గ్రీవెన్స్ ఆఫీసర్ జవాబు మీకు అందిన రోజు నుంచి 30 రోజులు. మన ఉదాహరణలో 14న అందింది కాబట్టి జూలై 14 దాకా సమయం ఉంది. అకౌంట్ బ్లాక్ అయిన 3వ తేదీ నుంచీ కాదు, యాప్‌లో తిరస్కరించిన 5 నుంచీ కాదు. ఇక్కడ లెక్క తప్పితే, గడువు దాటిందనుకుని ఊరుకోవడమో, ఇంకా టైముందనుకుని పోగొట్టుకోవడమో జరుగుతుంది. అసలు జవాబే రాకపోతే టికెట్ నంబరు, రసీదు మెయిలు, గడువు ముగిసిన తేదీ చూపించి వెళ్లాలి. పట్టించుకోకుండా వదిలేసిన ఫిర్యాదుల కోసం కూడా కదా కమిటీ పెట్టింది.

దరఖాస్తు gac.gov.in లోనే. అప్పీలు వేయడం నుంచి నిర్ణయం దాకా మొత్తం ఆన్‌లైన్‌లో జరగాలని నిబంధనే చెబుతోంది, ఏ ఆఫీసుకూ వెళ్లక్కర్లేదు. గ్రీవెన్స్ ఆఫీసర్‌కు రాసిన ఫిర్యాదు, ఆయన జవాబు, టికెట్ నంబర్, ఆధారాల కాపీలు పక్కన పెట్టుకుని కూర్చోండి. అప్పీలులో పాత ఫిర్యాదునే మళ్లీ అతికించేయకండి. అప్పీలు వెళ్తున్నది గ్రీవెన్స్ ఆఫీసర్ నిర్ణయం మీద, కాబట్టి ఆ నిర్ణయంలో లోపమేంటో చెప్పాలి. మన ఫొటోగ్రాఫర్ రాయాల్సింది, 'రిజిస్ట్రేషన్ కాపీ ఇచ్చాను, జవాబులో దాని ప్రస్తావనే లేదు. ఏ పోస్టు అని అడిగాను, దానికీ జవాబు లేదు' అని. పేజీ ఎందుకు మంచిదో చెప్పే పది వాక్యాల కన్నా ఈ రెండు ముక్కలే బరువైనవి.

కమిటీ 30 క్యాలెండర్ రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలని నిబంధన, అంటే ఆదివారాలు, సెలవులు కూడా లెక్కలోకొస్తాయి. కానీ ప్రయత్నించాలనే ఉంది, 31వ రోజున దానంతటదే మీకు అనుకూలంగా తేలిపోయినట్టు కాదు. జూన్ 20న అప్పీలు వేస్తే జూలై 20 నాటికి ఆశించవచ్చు, అవసరమైతే కమిటీ నిపుణుల సాయం తీసుకోవచ్చు కూడా. ఆలోగా అదే విషయం మీద రోజుకో కొత్త టికెట్ తెరవకండి, ఏ జవాబు దేనికో మీకే తెలియకుండా పోతుంది.

నష్టపరిహారం ఇప్పించడం గురించి ఆ నిబంధనలో ఏమీ లేదు, పోయిన ఆర్డర్ల డబ్బు అడిగితే ప్రయోజనం ఉండదు. ఎవరైనా మోసం చేసి డబ్బు లాగితే ఇక్కడికి కాదు, వెంటనే 1930కి ఫోన్ చేయాలి లేదా cybercrime.gov.in లో ఫిర్యాదు పెట్టాలి. కమిటీ ఉత్తర్వు మీకు అనుకూలంగా వస్తే కంపెనీ దాన్ని అమలు చేసి, ఆ మేరకు నివేదికను తన వెబ్‌సైట్లో పెట్టాలి, అకౌంట్ తెరుచుకోకపోతే ముందు ఆ నివేదిక ఉందో లేదో చూడండి. ప్రతికూలంగా వస్తే ఆ పైన మిగిలేది కోర్టే, అక్కడికి వెళ్లాలంటే ఇంతవరకు దాచిన కాగితాలన్నీ తేదీల వరుసలో లాయర్ చేతిలో పెట్టాల్సి ఉంటుంది.