ఫుల్ రేజ్‌లో బోటు ఇంజన్ మిస్ కొడుతుంటే: ప్లగ్గులు మార్చేముందు ఏం చూడాలి

వానాకాలం చివర ములుగు వైపు ఒక చెరువు దగ్గర్నుంచి ఫోనొచ్చింది. "అన్నా, ఇంజన్ గుంజుతలేదు. ఐడిల్‌ల మంచిగనే ఉంటది. రేజ్ ఇచ్చి ఐదు నిమిషాలు పోంగనే దడదడ కొట్టుకుంట పడిపోతంది. ప్లగ్గులు రెండుసార్లు మార్చిన."

"మార్చినంక ఎన్ని రోజులు నడిచింది తమ్మీ?"

"రెండు రోజులు."

నేను పట్టుకున్నది ఆ రెండు రోజుల మాటనే. ప్లగ్గే పాడై ఉంటే కొత్తది వేశాక నెలల తరబడి నడవాలి. రెండు రోజులకే నల్లబడిందంటే దాన్ని పాడుచేసేది ఇంకెక్కడో ఉంది. హనుమకొండ నుంచి వెళ్లి చూస్తే ఆ ఒక్క ఇంజన్‌లో మూడు తప్పులు కలిసి ఉన్నాయి. ఏది ముందు చూశానో, ఎందుకు ముందు చూశానో వరుసగా చెప్తాను. అది 40 హెచ్‌పీ, రెండు సిలిండర్ల టూ స్ట్రోక్ అవుట్‌బోర్డ్. పెట్రోల్‌లో ఆయిల్ కలిపి పోసే రకం.

లక్షణం 1: వెనక నీళ్ల ధార సన్నగా వస్తోంది

ఇంజన్ నడుస్తుంటే పక్కనుంచో వెనకనుంచో సన్నని నీళ్ల ధార బయటికి కొడుతుంది. చల్లబరిచే నీళ్లు ఇంజన్‌లోకి వెళ్తున్నాయనడానికి అదే గుర్తు. మొదట దీన్నే చూడండి. పెట్రోల్‌లో నీళ్లున్నా ప్లగ్గు నల్లబడినా బోటు నడిచెరువులో ఆగిపోతుంది, అంతే. చల్లబరిచే నీళ్లు అందకపోతే మాత్రం పిస్టన్ పట్టేస్తుంది. ఇంకో సంగతి కూడా ఉంది. కొన్ని ఇంజన్లు వేడెక్కగానే తమను తాము కాపాడుకోవడానికి స్పార్కును మధ్యమధ్యలో ఆపేసి స్పీడు తగ్గించుకుంటాయి. బయటినుంచి వినేవాళ్లకు అది మిస్ కొట్టినట్టే ఉంటుంది. బజర్ పనిచేయకపోతే డ్రైవర్ ప్లగ్గునో కార్బొరేటర్‌నో అనుమానిస్తాడు.

ఇక్కడ ధార దారం మందాన వస్తోంది, ముట్టుకుంటే వేడిగా ఉంది. ఇంజన్ ఆపించి, కీ తీయించి, నీళ్లలో మునిగి ఉండే ఇంజన్ కాలును పైకెత్తించాను. ప్రొపెల్లర్‌కు కాస్త పైన, రెండు పక్కలా నీళ్లు లోపలికి పోయే జాలీలుంటాయి. ఒకదానికి పాలిథిన్ కవర్ ముక్క గట్టిగా అతుక్కుపోయింది. రెండోదాని సందుల్లో నాచు, దాని వెనక ఎర్రమట్టి గడ్డకట్టి ఉంది. వానాకాలంలో మన చెరువుల్లోకి వచ్చే ఎర్రనీళ్లు, ఒడ్డుకు పట్టిన నాచు, గుర్రపుడెక్క ఇలాంటి పనే చేస్తాయి. స్పీడు పెరిగినకొద్దీ పంపు గట్టిగా పీల్చి కవర్‌ను జాలీకి అతికించేస్తుంది. ఇంజన్ ఆపగానే పట్టు వదులుతుంది, చాలాసార్లు కవర్ నీళ్లలోకి జారిపోతుంది. అందుకే ఒడ్డుకొచ్చి చూసేసరికి ఏమీ కనపడదు. ఇక్కడ మట్టి పట్టి ఉంచబట్టి దొరికింది.

కవర్ తీసి, పళ్ల బ్రష్షుతో జాలీలు కడిగాం. ధార బయటికొచ్చే గొట్టం మూతిలో కూడా మట్టి ఉంటే మెత్తని ప్లాస్టిక్ తీగతో పొడిచి తీశాను. ఇంజన్‌లోకి నీళ్లు బాగానే పోతున్నా ఈ మూతి ఒక్కటి మూసుకుంటే ధార సన్నబడుతుంది. కాబట్టి ధార తగ్గిందని వెంటనే ఇంజన్ విప్పకండి.

మళ్లీ స్టార్ట్ చేస్తే రేజ్‌లో ధార బాగుంది, ఐడిల్‌లో మాత్రం కారుతున్నట్టే ఉంది. జాలీ శుభ్రం, మూతి శుభ్రం, అయినా ఐడిల్‌లో ధార బలహీనమంటే అనుమానం ఇంపెల్లర్ మీదికి పోతుంది. కింది కాలిలో రబ్బరు రెక్కలతో తిరిగే నీటి పంపు చక్రమది. దాన్ని తడిగా ఉంచేది లోపలికొచ్చే నీళ్లే. జాలీ మూసుకుని ఎండగా తిరిగితే రబ్బరు కాలిపోతుంది. కాలు దించి చూస్తే రెక్కలన్నీ ఒకవైపుకు వంగి అలాగే గట్టిపడ్డాయి. ఒకదాని కొస తెగి లేదు.

తెగిన ముక్క దొరికేదాకా పని పూర్తి కాదు. అది పైకెళ్లి నీళ్ల దారిలో, థర్మోస్టాట్ దగ్గర ఇరుక్కుంటే కొత్త ఇంపెల్లర్ వేసినా ఇంజన్ వేడెక్కుతుంది. మాకు పైగొట్టం మొదట్లోనే దొరికింది. కొత్తది వేసేటప్పుడు రెక్కలకు కాస్త సబ్బునీళ్లు రాసి, షాఫ్ట్‌ను అది తిరిగే దిక్కుకే తిప్పుతూ, రెక్కల కొసలు ఆ దిక్కుకు ఎదురుగా వెనక్కి వంగేలా కూర్చోబెట్టాలి. ఇంజన్‌ను ఒడ్డున నీళ్లు లేకుండా "ఒక్క సెకండే" అని కొట్టకండి, కొత్త ఇంపెల్లర్ ఆ కాసేపటికే దెబ్బతింటుంది. పరీక్ష చేయాలంటే కాలు మునిగేంత నీళ్లున్న డ్రమ్ములో పెట్టండి.

లక్షణం 2: ధార బాగుంది, అయినా రేజ్‌లో పడిపోతోంది

చల్లబరిచే లోపం తీరాక బోటును నీళ్లలోకి దించాం. ఐదు నిమిషాలకు మళ్లీ అదే దడదడ. ఇప్పుడు రెండో మనిషిని పెట్రోల్ పైపు మీదున్న రబ్బరు పంపు పట్టుకుని కూర్చోమన్నాను. ఇంజన్ పడిపోతున్నప్పుడు ఆ పంపు నొక్కితే వెంటనే తేరుకుందంటే పెట్రోల్ చాలినంత అందట్లేదన్నమాట. అప్పుడు ట్యాంకు మూత మీది గాలి మరను తెరిచారో లేదో చూడాలి, పైపు జాయింట్లో గాలి పీలుస్తోందేమో చూడాలి, ఇంజన్ మీది ఫ్యూయల్ పంపు చూడాలి. ఇక్కడ రబ్బరు పంపు గట్టిగానే ఉంది, నొక్కినా తేడా రాలేదు. పెట్రోల్ అందుతోంది, కానీ అందేది మంచి పెట్రోల్ కాదు.

ట్యాంకు అడుగు నుంచి తెల్లని లీటరు సీసాలోకి కొంత తీసి నీడలో కదపకుండా అరగంట ఉంచాం. అడుగున చిటికెనవేలు మందాన వేరే పొర తేలింది. పైది ఆయిల్ రంగుతో నీలంగా ఉంటే, కిందిది పాలిపోయి ఉంది. రెండింటి మధ్య గీత గీసినట్టు కనపడింది.

ఇప్పుడు మన బంకుల్లో దొరికే పెట్రోల్‌లో 20 శాతం వరకు ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్ నీళ్లను తనలో కలుపుకుంటుంది. కొంతవరకు కలుపుకుని మామూలుగానే కనపడుతుంది. హద్దు దాటాక, లేదా రాత్రి చల్లబడ్డాక, నీళ్లూ ఇథనాలూ కలిసి ఒక్కసారిగా విడిపోయి అడుగుకు దిగుతాయి. టూ స్ట్రోక్‌కు ఇందులో పెద్ద ప్రమాదముంది. మనం కలిపిన ఆయిల్ పై పొరలోనే ఉండిపోతుంది. ట్యాంకు పైపు పీల్చేదేమో అడుగు నుంచి. అంటే ఆయిల్ లేని నీళ్లూ ఇథనాలూ ఇంజన్‌లోకి పోతాయి, పిస్టన్‌కు జిడ్డు అందదు.

ఐడిల్‌లో బాగుండి రేజ్‌లోనే ఎందుకు మిస్ కొడుతుందంటే, కార్బొరేటర్ గిన్నెలో నీళ్లు అడుగున కూర్చుంటాయి. నెమ్మదిగా నడిచేటప్పుడు పీలుపు తక్కువ కాబట్టి ఆ నీళ్లు కదలవు. ఫుల్ రేజ్‌లో అడుగునున్న మెయిన్ జెట్ గట్టిగా లాగుతుంది. నీటిబొట్టు ఆ సన్నని రంధ్రానికి అడ్డం పడుతుంది. పైగా వేగానికి బోటు ముక్కు లేచి ట్యాంకులోని నీళ్లు కూడా అటూఇటూ జరుగుతాయి.

నీళ్లు ఎక్కడివని వెతికితే ట్యాంకు మూత కింద రబ్బరు వాషర్ లేదు. పైన కప్పిన పట్టాకు చిల్లి. రాత్రంతా కురిసిన వాన చుక్కచుక్కగా మూత అంచునుంచి దిగింది. సగమే నింపి వదిలేసిన ట్యాంకులో గాలి తడి కూడా చేరుతుంది.

విడిపోయిన పెట్రోల్‌ను ఏ మందు పోసినా మళ్లీ కలపలేం. మంచి పెట్రోల్ పోసి పలచబరిచి నడపడం కూడా తప్పే. మొత్తం తీసేశాం. చెరువులో పారబోయలేదు, ఆయిల్ డబ్బాలో నింపి పక్కకు పెట్టాం. ట్యాంకును కొంచెం మంచి పెట్రోల్‌తో తొలిచి ఆరబెట్టాం. పైపులు ఖాళీ చేశాం. రెండు కార్బొరేటర్ల గిన్నెల కింది డ్రెయిన్ మరలు విప్పితే పెట్రోల్‌తో పాటు పాదరసంలా గుండ్రని నీటిబొట్లు జారిపడ్డాయి. ఫిల్టర్ మార్చాం. ఈ ఇంజన్లో నీళ్లు వేరుచేసే ఫిల్టర్ లేదు, ట్యాంకుకూ ఇంజన్‌కూ మధ్య ఒకటి పెట్టించాం. మూతకు కొత్త వాషర్.

కొత్త పెట్రోల్‌లో ఆయిల్ కొలిచి కలిపాం. ఈ ఇంజన్‌కు 50:1, అంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు, 25 లీటర్ల ట్యాంకుకు అర లీటరు. మీ ఇంజన్ పుస్తకంలో వేరే లెక్క ఉంటే అదే పాటించండి. చాలా అవుట్‌బోర్డ్ పుస్తకాలు ఇథనాల్ 10 శాతం మించొద్దంటాయి. బంకులో అంతకన్నా మంచిది దొరకనప్పుడు, కనీసం వారంలో వాడేంతే కొనండి.

ఇక ప్లగ్గులు

ఇంజన్ చల్లబడ్డాక విప్పి, ఏది ఏ సిలిండర్‌దో రాసుకుని పక్కపక్కన పెట్టండి. మా దాంట్లో పైసిలిండర్ ప్లగ్గు నల్లగా జిడ్డుగా, తడిగా ఉంది. కిందిదాని కొస కడిగినట్టు తేటగా ఉండి, అంచున సన్నని తుప్పు చుక్కలున్నాయి. రెండోది నీళ్లు వెళ్లిన గుర్తు. మొదటిది, కాలని పెట్రోల్ ఆయిల్ పేరుకున్న గుర్తు. టూరిస్టులను నెమ్మదిగా గంటలకొద్దీ తిప్పితే, ఆయిల్ చేతి లెక్కన ఎక్కువ పోస్తే కూడా ఇలాగే నల్లబడుతుంది. ప్లగ్గు తెల్లగా, పొక్కులు లేచినట్టుంటే వేడెక్కిందని అర్థం, జాలీ దగ్గరికి మళ్లీ వెళ్లాలి. గోధుమరంగు పొడిపొర ఉంటే బాగున్నట్టు.

నల్లబడ్డవాటిని ఉప్పుకాగితంతో గీకి వేయడం ఆ పూట ఒడ్డు చేరడానికి పనికొస్తుంది. ఆ ఇసుక రేణువు సిలిండర్‌లోకి పోతుంది కాబట్టి అలవాటు చేసుకోవద్దు. పుస్తకంలో ఉన్న నంబరు ప్లగ్గే వేసి, గ్యాప్ కొలిచి, మొదట చేత్తోనే తిప్పండి. సిలిండర్ తల అల్యూమినియం, మర పక్కకు ఎక్కితే కథ పెద్దదవుతుంది. వాషర్ కొత్తదైతే చేతికి బిగిశాక స్పానర్‌తో అర చుట్టు దాటి కాస్త చాలు. స్పార్కు చూసేటప్పుడు ప్లగ్గు ఇంజన్ బాడీకి ఆని ఉండాలి. వైరు గాల్లో వదిలేసి తిప్పితే ఇగ్నిషన్ పెట్టె కాలిపోవచ్చు. పక్కన పెట్రోల్ డబ్బా తెరిచి ఉండకూడదు.

కొత్త ప్లగ్గులతో లోడు వేసి 20 నిమిషాలు ఫుల్ రేజ్‌లో తిప్పి, అలాగే ఆపి, చల్లారాక మళ్లీ విప్పి చూశాం. రెండూ గోధుమరంగుకు వచ్చాయి. నెల తర్వాత ఆ తమ్ముడే ఫోన్‌లో ప్లగ్గుల ఫొటో పంపాడు, రంగు అలాగే ఉంది.

ధార బాగుండి, సీసాలో పొర లేకుండా, ఆయిల్ కొలత సరిగా ఉండి కూడా ప్రతిసారీ ఒకే సిలిండర్ ప్లగ్గు తడిసి వస్తుంటే పెట్రోల్‌ను ఇంకా కడుగుతూ కూర్చోవద్దు. ఆ సిలిండర్ తల గ్యాస్కెట్ నుంచి చల్లబరిచే నీళ్లు లోపలికి కారుతుండొచ్చు, లేదా రింగులు అరిగి ఉండొచ్చు. కంప్రెషన్ గేజ్‌తో రెండు సిలిండర్లూ కొలవండి. రెండింటి మధ్య 15 శాతం కంటే తేడా ఉంటే బోటును నీళ్లలోకి దించకుండా ఇంజన్‌ను వర్క్‌షాపుకు తీసుకెళ్లండి.