కృష్ణాష్టమి వీడియో పెట్టే ముందు: రెండు తేదీల తగువులో ఇరుక్కోకుండా

శ్రావణం వచ్చిందంటే హైదరాబాద్‌లో భక్తి చానళ్లు నడిపేవాళ్లకి ఒక గండం ఉంటుంది. ‘కృష్ణాష్టమి ఎప్పుడు?’ అని వీడియో పెట్టిన గంటలోనే కింద ‘మీకు పంచాంగం చూడటం రాదా’ అని మొదలవుతుంది. చాలాసార్లు తేదీ తప్పయి కాదు. ఒక సంప్రదాయం తేదీని అందరి తేదీగా చెప్పేయడం వల్లే ఈ రగడ.

2025నే తీసుకోండి. ఆగస్టు 15 శుక్రవారం రాత్రి దాదాపు 11:50కి అష్టమి వచ్చింది, 16 శనివారం రాత్రి దాదాపు 9:30కి వెళ్లిపోయింది. కృష్ణుడు పుట్టింది అర్ధరాత్రి కాబట్టి ఆ వేళకు అష్టమి ఉండాలన్నది స్మార్తుల లెక్క. వాళ్లకి శుక్రవారం రాత్రే పండుగ. ఇస్కాన్ వంటి గౌడీయ వైష్ణవులు సప్తమి తగిలిన అష్టమిని వదిలేస్తారు. శుక్రవారం సూర్యోదయానికి ఉన్నది సప్తమి, శనివారం సూర్యోదయానికి అష్టమి. అందుకే వాళ్లు శనివారం చేశారు. ‘శనివారం అర్ధరాత్రికి నవమి వచ్చేసిందిగా!’ అని కామెంటు రావడం ఖాయం. వాళ్లకు రోజును నిర్ణయించేది సూర్యోదయపు తిథి అన్న ఒక్క వాక్యం వీడియోలోనే ఉంటే సగం గొడవ అక్కడే ఆగుతుంది.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, రెండో తేదీకి ‘వైష్ణవులకు’ అని రాసేయడం. శ్రీవైష్ణవుల్లో చాలామంది చేసే శ్రీజయంతికి సౌరమానం ప్రకారం సింహమాసంలో వచ్చే బహుళ అష్టమి, రోహిణీ నక్షత్రం చూస్తారు. 2025లో సూర్యుడు సింహంలోకి వచ్చిందే ఆగస్టు 17న, అప్పటికే అష్టమి వెళ్లిపోయింది, కాబట్టి ఈ లెక్క పాటించేవాళ్లకి పండుగ సెప్టెంబరుకు జరిగింది. అబిడ్స్ ఇస్కాన్ మందిరం తేదీ చూపించి జియాగూడ రంగనాథస్వామి గుడికీ అదే అనేశారనుకోండి, అక్కడివాళ్లు నొచ్చుకుంటారు. ఏ గుడి పేరైనా చెప్పాలంటే ముందు ఆ గుడికే ఫోన్ చేసి అడగండి. అర్చకులను ‘మీరు ఎప్పుడు చేస్తున్నారు, దేన్నిబట్టి?’ అని అడిగితే చాలు. ‘ఏది కరెక్ట్?’ అని మాత్రం అడక్కండి, ఆ ప్రశ్నకు వచ్చే జవాబు వీడియోలో పెట్టే రకం కాదు.

నెల పేరు దగ్గర ఇంకో చిక్కుంది. మనకు అమావాస్యతో నెల ముగుస్తుంది గనక ఇది శ్రావణ బహుళ అష్టమి. బేగంబజారులో ఉండే మార్వాడీ కుటుంబాలకు పౌర్ణమితో నెల ముగుస్తుంది, వాళ్లకిది భాద్రపదం. రోజు ఒకటే, పేరే వేరు. దీన్ని తేదీల తేడాతో కలిపితే చూసేవాళ్లు మరింత తికమక పడతారు, విడిగా చెప్పండి.

స్క్రీన్ మీద ‘15 అర్ధరాత్రి’ అని రాయొద్దు. అది 14 రాత్రా, 15 రాత్రా అని ఇంట్లోనే వాదనలు మొదలవుతాయి. ‘శుక్రవారం రాత్రి, తెల్లవారితే శనివారం’ అంటే ఎవరికైనా తెలుస్తుంది. దృక్ గణితానికీ పాత పద్ధతి గణితానికీ తిథి వేళలు తేడాగా వస్తాయి, ఊరు మారితే సూర్యోదయమూ మారుతుంది. కాబట్టి ఏ పంచాంగం, ఏ ఊరి లెక్క అన్నది తేదీ పక్కనే పెట్టాలి. డిస్క్రిప్షన్‌లో పెట్టి ఊరుకుంటే ఎవరూ చూడరు.

మాటల్లో ‘అసలైన తేదీ’, ‘నిజమైన కృష్ణాష్టమి’ అన్నవి థంబ్‌నెయిల్‌కి బాగా పనికొస్తాయి, వ్యూస్ కూడా వస్తాయి. కానీ అవతలివాళ్లది నకిలీ అన్నట్టేగా? ‘మనం శుక్రవారం చేస్తాం, వాళ్లు శనివారం చేస్తారు’ అన్నా అంతే, చానల్ ఒక పక్షాన నిలబడిపోతుంది. ‘స్మార్తులు’, ‘గౌడీయులు’ అని పేర్లతోనే చెప్పండి. ఒకరికి నిమిషంన్నర, ఇంకొకరికి పది సెకన్లు ఇవ్వకండి.

బొమ్మ దగ్గర జారడం ఇంకా తేలిక. గూగుల్‌లో దొరికిన నామం తీసుకొచ్చి ఎడిటర్ అతికించేస్తాడు. శ్రీవైష్ణవుల్లోనే తెంగలై, వడగలై అని రెండు శాఖలు. తెంగలై నామానికి కింద ముక్కు మీదికి దిగే పాదం ఉంటుంది. వడగలై నామం పాదం లేకుండా గుండ్రంగా మలుపు తిరుగుతుంది. గౌడీయుల తిలకానికి ముక్కు మీద తులసి ఆకు ఆకారం ఉంటుంది. ఒకరి మాట వినిపిస్తుంటే ఇంకొకరి నామం కనిపిస్తే, తేదీ సరిగ్గా చెప్పినా తిట్లు తప్పవు. సందేహం ఉంటే నామం జోలికి పోకుండా నెమలిపింఛమో వెన్నకుండో పెట్టేయండి.

ఎంత చూసినా తప్పు దొర్లితే, యూట్యూబ్‌లో అదే లింకు కింద వీడియో ఫైలు మార్చడం కుదరదు. తప్పున్న ముక్కను ఎడిటర్‌లో ట్రిమ్ చేయొచ్చు, టైటిల్, థంబ్‌నెయిల్ మార్చొచ్చు. ఏం మార్చారో పిన్ చేసిన కామెంటులో ఒక వాక్యంలో చెప్పండి. నొచ్చుకున్నవాళ్ల కామెంట్లు డిలీట్ చేస్తే అవే స్క్రీన్‌షాట్లయి వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతాయి.