బిట్‌కాయిన్ బ్లాకులు ఆలస్యమవుతున్నాయా? డిఫికల్టీ లెక్కతో కారణం పట్టుకోవడం

లక్షణం: చివరి బ్లాకు వచ్చి గంట దాటింది, కొత్తది జాడ లేదు

కారణం చాలావరకు యాదృచ్ఛికం. పది నిమిషాలన్నది సగటు మాత్రమే, గడువు కాదు. నెట్‌వర్క్ పూర్తి ఆరోగ్యంగా ఉన్నా, దాదాపు 400 బ్లాకులకు ఒకసారి గంటకు మించిన విరామం వస్తుంది. రోజుకు సుమారు 144 బ్లాకులు కాబట్టి, మూడు రోజులకోసారి ఇది మామూలే. యంత్రాలతో కొత్త బ్లాకులను కనుక్కునే మైనర్లు వెళ్లిపోయారని అప్పుడే ఊహించకండి. ఇక్కడ సరిచేయవలసింది ఏమీ లేదు.

లక్షణం: రోజుల తరబడి సగటే 13, 14 నిమిషాలకు పోయింది

ఇది వేరే సంగతి. ముందుగా కొలవాలి. డిఫికల్టీ అంటే కొత్త బ్లాకును కనుక్కోవడం ఎంత కష్టమో చెప్పే విలువ. అది ప్రతి 2016 బ్లాకులకు ఒకసారి మారుతుంది కాబట్టి 2016తో భాగించబడే ఎత్తు, అంటే బ్లాకు వరుస సంఖ్య, దగ్గర కొత్త విడత మొదలవుతుంది. ఆ బ్లాకు సమయాన్నీ, తాజా బ్లాకు సమయాన్నీ మీ నోడ్‌నే అడగండి. 2021 జూన్‌లో మొదలైన విడతను ఉదాహరణగా తీసుకుంటే:

```
bitcoin-cli getblockheader $(bitcoin-cli getblockhash 687456)
bitcoin-cli getblockheader $(bitcoin-cli getblockhash 689471)
```

రెండింటి `time` విలువల మధ్య తేడా దాదాపు 16.8 లక్షల సెకన్లు. 2016 బ్లాకులకు పది నిమిషాల చొప్పున కావలసింది 12,09,600 సెకన్లు, అంటే సరిగ్గా 14 రోజులు. అంత ఎక్కువ నమూనాలో ఇంత తేడాను అదృష్టం మీదికి నెట్టలేం. యంత్రాలు నిజంగానే ఆగాయి. చైనా ప్రభుత్వం మైనింగ్‌పై విరుచుకుపడిన వేళ అది. జలవిద్యుత్తు మీద నడిచే సిచువాన్‌లోని కేంద్రాలు కూడా జూన్‌లో మూతపడ్డాయి. సగటు సుమారు 13.9 నిమిషాలకు చేరి, రోజుకు 144 రావలసిన బ్లాకులు 104 దగ్గర ఆగాయి.

పరిష్కారం నెట్‌వర్క్‌లోనే ఉంది. ఎన్ని యంత్రాలు పనిచేస్తున్నాయో దానికి తెలియదు, తెలుసుకునే దారీ లేదు. బ్లాకుల మీద ఉన్న సమయాలను బట్టి మాత్రమే లెక్క వేస్తుంది:

```
new = old * 1209600 / actual_seconds
```

12,09,600ను 16.8 లక్షలతో భాగిస్తే 0.72. అందుకే 2021 జూలై 3న 689472వ బ్లాకు దగ్గర డిఫికల్టీ దాదాపు 28 శాతం పడిపోయింది. బిట్‌కాయిన్ చరిత్రలో అంత పెద్ద తగ్గుదల అంతకుముందు లేదు. ఎవరూ ఓటు వేయలేదు, ఎవరూ ప్రకటించలేదు. ప్రతి నోడూ ఇదే లెక్కను సొంతంగా చేస్తుంది. తప్పు విలువతో వచ్చిన బ్లాకును `bad-diffbits` అని తిప్పికొడుతుంది.

(చిన్న విచిత్రం: మొదటి బ్లాకు నుంచి చివరి బ్లాకు వరకు కొలిస్తే మధ్యలో ఉండేవి 2015 విరామాలే. బిట్‌కాయిన్ సృష్టికర్త సతోషి కాలం నాటి ఈ ఒకటి తేడా ఇప్పటికీ అలాగే ఉంది. దాని ప్రభావం లెక్కలోకి తీసుకోనంత స్వల్పం.)

లక్షణం: డిఫికల్టీ తగ్గింది, అయినా బ్లాకులు నిదానమే

ఎక్కువమంది తికమకపడేది ఇక్కడే. లెక్క మొత్తం విడత సగటును చూస్తుంది, చివరి రోజుల పరిస్థితిని కాదు. విడత సగం గడిచాక సగం మంది మైనర్లు వెళ్లిపోయారనుకుందాం. మొదటి 1008 బ్లాకులకు 7 రోజులు, తరువాతి 1008కి 14 రోజులు, మొత్తం 21 రోజులు పడతాయి. 14ను 21తో భాగిస్తే డిఫికల్టీ పాతదానిలో 67 శాతానికి దిగుతుంది. కావలసింది 50 శాతం. కాబట్టి కొత్త విడతలో ఒక్కో బ్లాకుకు 13 నిమిషాలకు పైగా పడుతుంది. మైనర్ల సంఖ్య అలాగే ఉంటే 19 రోజులకు రెండో సవరణ వచ్చి సగటు పదికి చేరుతుంది.

ఇందులో ఒక ఇబ్బంది ఉంది: మైనర్లు ఎంత ఎక్కువగా వెళితే సవరణ అంత ఆలస్యమవుతుంది, ఎందుకంటే విడత ముగింపు రోజులతో కాక బ్లాకులతో లెక్క. పైగా ఒక్క సవరణలో డిఫికల్టీ నాలుగో వంతు కన్నా కిందికి దిగదు, నాలుగు రెట్లకు మించి పెరగదు.

లక్షణం: బ్లాకులు మరీ త్వరగా వస్తున్నాయి

కొత్త యంత్రాలు చేరాయి. ఈ వైపు సర్దుబాటు త్వరగా జరుగుతుంది: 9 నిమిషాలకో బ్లాకు వస్తే విడత 12.6 రోజుల్లోనే ముగిసి, డిఫికల్టీ సుమారు 11 శాతం పెరుగుతుంది.

మరి మధ్యలో చిక్కుకున్న నా లావాదేవీ?

సవరణ కోసం ఎదురుచూడవలసిన పని లేదు. బ్లాకులు తగ్గితే చోటు తగ్గుతుంది, ఆ చోటు ఎక్కువ ఫీజు ఇచ్చినవారికే దక్కుతుంది. లావాదేవీ బిట్‌కాయిన్ కోర్ వాలెట్ నుంచి వెళ్లి, ఇంకా ఏ బ్లాకులోనూ చేరకపోతే ఫీజు పెంచి మళ్లీ పంపవచ్చు:

```
bitcoin-cli bumpfee <txid>
```

తొందర లేనివారు డిఫికల్టీ దిగేదాకా ఊరుకుంటే ఫీజు మిగులుతుంది.