వీపీఎన్ ఆన్ చేస్తే నెట్ నెమ్మదించిందా? ముందు పింగ్ చూడండి

స్పీడ్ టెస్ట్‌లో డౌన్‌లోడ్ అంకె ఒక్కటే చూసి వదిలేయకండి, పక్కనే ఉండే పింగ్ కూడా చూడండి, అంటే డేటా సర్వర్‌కి పోయి రావడానికి పట్టే సమయం. వీపీఎన్ ఆఫ్‌లో ఒకసారి, ఆన్‌లో ఒకసారి.

పింగ్ బాగా పెరిగితే కారణం చాలావరకు దూరమే. హైదరాబాద్‌లో కూర్చుని న్యూయార్క్ సర్వర్ పెట్టుకుంటే, ముంబైలో ఉన్న సైట్ డేటా కూడా అమెరికా చుట్టి రావాలి. ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లే వెళ్తుంది. కాబట్టి న్యూయార్క్‌కి పోయి రావడానికే కనీసం 130 మిల్లీసెకన్లు పడుతుంది. అసలు కేబుల్ దారి ఇంకా వంకర, అందుకే 200 దాటడం మామూలే. ఏ ప్రోటోకాల్, అంటే వీపీఎన్ డేటా పంపే ఏ పద్ధతి, పెట్టినా ఇది తగ్గదు. ఐపీ మాత్రమే దాచుకోవాలంటే ముంబై సర్వరో, సింగపూర్ సర్వరో చాలు.

పింగ్ పెద్దగా మారకుండా స్పీడ్ మాత్రం పడిపోతే సెట్టింగ్స్‌లో ప్రోటోకాల్ చూడండి. ఓపెన్‌వీపీఎన్ టీసీపీలో ఉంటే వైర్‌గార్డ్‌కి మార్చండి. టీసీపీ అంటే పోయిన ప్యాకెట్‌ని మళ్లీ పంపే పద్ధతి, చాలా సైట్లు వాడేదీ అదే. అలా టీసీపీలో మరో టీసీపీ నడిస్తే, ఒక ప్యాకెట్ పోయినప్పుడు రెండూ మళ్లీ పంపబోయి ఒకదానికొకటి అడ్డుపడతాయి. సిగ్నల్ బాగాలేని వైఫైలో ఇది కొట్టొచ్చినట్టు తెలుస్తుంది.

కొన్ని ఆఫీస్, హోటల్ నెట్‌వర్క్‌లు యూడీపీని ఆపేస్తాయి. వైర్‌గార్డ్ నడిచేది టీసీపీ మీద కాదు, యూడీపీ మీదే, కాబట్టి అక్కడ అది అసలు కనెక్టే కాదు, ఓపెన్‌వీపీఎన్ టీసీపీ 443 పోర్ట్‌తో సర్దుకోవాల్సిందే.