సరుకు లేని రోజుల్లో పోయిన అమ్మకం ఎంత? లెక్క కట్టడం ఇలా

"రోజుకి 20 ప్యాకెట్లు పోతాయి, ఏడు రోజులు స్టాక్ లేదు, అంటే 140 ప్యాకెట్ల అమ్మకం పోయింది." హోమ్ డెలివరీ చేసే షాపుల్లో చాలామంది ఇలాగే లెక్క వేస్తారు. దాన్ని నమ్మి తర్వాతి నెల అవసరానికి మించి సరుకు దింపేస్తారు, అది గోడౌన్‌లో పురుగు పడుతుంది.

కావలసింది ఎక్సెల్, రోజువారీ ఆర్డర్ల జాబితా, స్టాక్ రిజిస్టర్. ఆర్డర్లను వారాల వారీగా కూడండి. ఆదివారానికీ మంగళవారానికీ పోలికే ఉండదు కాబట్టి రోజుల వారీగా వద్దు.

కూకట్‌పల్లిలో ఒక షాపు ఉందనుకుందాం, సరుకు కిలో కందిపప్పు ప్యాకెట్. సోమవారం ఉదయం 11:40కి ఆఖరి ప్యాకెట్ వెళ్లిపోయింది, కొత్త లోడు మళ్లీ సోమవారం తెల్లవారుజామున దిగింది. స్టాక్ లేని ఆ వారంలో అమ్మింది 8 ప్యాకెట్లు. అంతకుముందు నాలుగు వారాల సగటు 140. నాలుగే తీసుకోండి. మూడైతే ఒక్క వారం తేడా కొట్టినా సగటు పాడవుతుంది, ఎనిమిదైతే సీజనే మారిపోతుంది.

అసలు చిక్కు ఈ 140 దగ్గరే ఉంది. ముందుగా స్టాక్ ఎందుకు అయిపోయిందో కనుక్కోండి. లారీ రాక అయిపోతే ముందు వారాల అంకెలను నమ్మవచ్చు. అలా కాకుండా ఏ కర్రీ పాయింట్ వాళ్లో ఒకేసారి 40 ప్యాకెట్లు పట్టుకెళ్లడం వల్ల అయిపోతే, ఆ 40 మీ సగటులోకి చేరి దాన్ని ఉబ్బిస్తాయి. ముందు గిరాకీ పెరిగినట్టు, తర్వాత అది పోయినట్టు రెండుసార్లు మోసపోతారు. అలాంటి పెద్ద ఆర్డర్లను తీసేశాకే సగటు కట్టండి.

ఇంకో ఉచ్చు: ఆర్డర్ రాని రోజును స్టాక్ లేని రోజుగా రాసేయడం. రోజుకి 20 అమ్ముడయ్యే సరుకుకి ఒక రోజు సున్నా వస్తే కచ్చితంగా ఏదో తేడా ఉన్నట్టే. కంప్యూటర్‌లో 6 అని చూపిస్తున్నా ర్యాక్‌లో చిరిగిన ప్యాకెట్లే ఉండి ఉంటాయి, వెళ్లి చూడండి. కానీ సగటున రోజుకి ఒక్కటే పోయే సరుకైతే, స్టాక్ నిండుగా ఉన్నా నూటికి 37 రోజులు సున్నాయే రావచ్చు. అక్కడ ఆర్డర్లను చూసి చెప్పలేం, స్టాక్ రిజిస్టరే చూడాలి.

ఇక ఆ వారం గిరాకీ మామూలుగానే ఉందా? ఒకటో తారీకు వారమైతే పెరుగుతుంది. దీనికి పోయినేడాది అదే వారంతో పోల్చేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది. బోనాలు, బతుకమ్మ తిథుల లెక్కన వస్తాయి, రంజాన్ ఏటా దాదాపు 11 రోజులు ముందే వస్తుంది, తారీకులు ఎలా కలుస్తాయి? అదే షాపులో, అదే వారంలో, స్టాక్ ఉన్న వేరే సరుకులను చూడండి. చక్కెర, గోధుమపిండి, ఇడ్లీ రవ్వ లాంటివి. పెసరపప్పు, ఎర్రపప్పు మాత్రం వద్దు, కందిపప్పు దొరకనివాళ్లు వాటికే మళ్లుతారు. మన ఉదాహరణలో చక్కెర, పిండి, రవ్వ కలిపి 10 శాతం పెరిగాయి. కాబట్టి కందిపప్పు 154 పోవాల్సింది. 8 తీసేస్తే లోటు 146.

అదంతా నష్టం కాదు. అదే కందిపప్పు అరకిలో ప్యాకెట్లు వారానికి 60 పోయేవి, 10 శాతం పెరిగితే 66 కావాలి, కానీ 126 పోయాయి. అదనంగా పోయిన 60 అరకిలోలంటే 30 కిలోలు. లోటు 116కి దిగింది. వేరే పప్పులు కూడా పెరిగి ఉంటే వాటినీ ఇలాగే తీసేయండి.

స్టాక్ వచ్చిన వారం చక్కెర, పిండి, రవ్వ మామూలుగానే ఉన్నాయి, కందిపప్పు మాత్రం 140కి బదులు 162 పోయింది. ఆ 22 ఆగి కొన్నవాళ్లవి. ఇక నిజంగా నష్టపోయింది 94 కిలోలు. కిలోకి 15 రూపాయలు మిగులుతాయనుకుంటే నష్టం 1,410 రూపాయలు. మొదటి లెక్క ప్రకారం 2,100 వచ్చేది.

ఆ 162ని ముందు నాలుగు వారాల సగటులో కలిపి "గిరాకీ పెరిగింది" అనకండి, రెండో వారం చూడండి. 138 వస్తే మామూలు స్థితికి వచ్చినట్టే. మిగతా సరుకులు కదలకుండా ఇదొక్కటే వరుసగా నాలుగు వారాలు 120 దగ్గర ఆగిపోతే, కొందరు ఇంకో షాపు అలవాటు చేసుకున్నట్టు. అప్పుడు ఆ వారానికో 20 కూడా నష్టంలో చేరుతాయి.

ఈ లెక్కకి అందనిది ఒకటుంది. పప్పు లేదని ఆర్డర్ మొత్తం మానేసినవాళ్లు చక్కెర, పిండి కూడా కొనకుండా వెళ్లిపోతారు, దాంతో ఆ 10 శాతమే కాస్త తక్కువగా కనిపిస్తుంది. అందుకే ఆ వారం మొత్తం ఆర్డర్ల సంఖ్య కూడా పక్కన రాసుకోండి. అది పడిపోయి ఉంటే 94 అనేది కనీస నష్టమే.