ఆడిట్ పడుతుందా? క్యాష్ ఖర్చు కూడా చూడండి

వ్యాపారం టర్నోవర్ కోటి దాటినా, 10 కోట్ల లోపుంటే ఇన్‌కమ్ ట్యాక్స్ ఆడిట్ తప్పవచ్చు. కానీ నగదు వసూళ్లు మొత్తం వసూళ్లలో 5 శాతం, నగదు చెల్లింపులు మొత్తం చెల్లింపుల్లో 5 శాతం దాటకూడదు. చాలామంది మొదటిదే చూసి ఊరుకుంటారు.

ఒక సిమెంట్ షాపు టర్నోవర్ 3.40 కోట్లు అనుకోండి. వసూళ్లు 3.30 కోట్లు, అందులో క్యాష్ 12 లక్షలే. 5 శాతం అంటే 16.50 లక్షలు కాబట్టి ఇబ్బంది లేదు. చెల్లింపులు 3 కోట్లు, పరిమితి 15 లక్షలు. హమాలీ కూలి, లారీ కిరాయి కలిపి క్యాష్ 17 లక్షలు ఇచ్చారు. అంతే, ఆడిట్ తప్పదు!

టాలీలో క్యాష్ లెడ్జర్ ఒక్కటే చూసినా చాలదు. అకౌంట్ పేయీ కాని చెక్కు కూడా ఇక్కడ నగదు కిందే లెక్క. మార్చిలో కాదు, డిసెంబర్‌లోనే కూడి చూసుకోండి.